గంటకు 74 రూపాయలా, 257 రూపాయలా?

ప్రశ్న: నేను జనరల్ మెడిసిన్ పీజీ రెండో ఏడాది చేస్తున్నాను. ఇల్లు విజయవాడ పటమటలో. స్టైపెండ్ నెలకు 53,500. నెలంతా, రాత్రీ పగలూ ఆసుపత్రికే అంకితం కాబట్టి ముప్పై రోజుల్ని ఇరవై నాలుగు గంటలతో గుణించి చూసుకుంటే గంటకు 74 రూపాయలు వస్తోంది. బ్యాంకులో చేసి రిటైరైన మా బాబాయి మాత్రం ‘26 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే గంటకు 257. చదువుకుంటుంటే ఎవరిస్తారమ్మా అంత?’ అంటారు. నా క్లాస్‌మేట్ పీజీ చేయకుండా సూర్యారావుపేటలో డ్యూటీ డాక్టరుగా చేరాడు. నెలకు 60 వేలు, 12 గంటల షిఫ్టులు 26. ఇద్దరిలో ఎవరి లెక్క కరెక్ట్ సార్? సీటు వదిలేసి నేనూ అటు పోనా? ఇంకా ఏడాదిన్నర ఉంది. నా వారం డ్యూటీలు వేరే కాగితంలో రాసి పంపుతున్నాను.
— ఒక పీజీ, విజయవాడ

జవాబు: డాక్టరమ్మా, ఇద్దరి లెక్కా తప్పే. కాకపోతే మీ బాబాయి గారి తప్పులో ఒక విశేషం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ కాగితం చూద్దాం.

మీ యూనిట్ కొత్త పేషెంట్లను చేర్చుకునే అడ్మిషన్ డే సోమవారం. పొద్దున ఎనిమిదికి ఓపీలో కూర్చుంటే మంగళవారం సాయంత్రం ఐదింటికి గానీ బయట పడటం లేదు. అది ఒకే డ్యూటీ, 33 గంటలు. బుధ, గురువారాలు ఎనిమిది నుంచి ఆరు, అంటే రోజుకు పది గంటలు. శుక్రవారం ఐసీయూ నైట్ ఉంది కాబట్టి పొద్దున ఎనిమిదికి వెళ్లి శనివారం రెండింటికి వస్తున్నారు. 30 గంటలు. ఆదివారం రౌండ్స్ ఎనిమిది నుంచి పన్నెండు దాకా. మొత్తం కూడితే వారానికి 87 గంటలు.

దీన్ని నెలలోకి మార్చేటప్పుడే చాలామంది పొరపాటు చేస్తారు. నాలుగుతో గుణించి 348 అనేస్తారు. నెలంటే నాలుగు వారాలు కాదు. ఏడాదికి 52 వారాలు, వాటిని పన్నెండుతో భాగిస్తే నాలుగు మీద మూడో వంతు. అలా చూస్తే 377 గంటలు వస్తుంది. నాలుగుతో గుణిస్తే 29 గంటలు, అంటే దాదాపు ఒక అడ్మిషన్ డ్యూటీ మొత్తం లెక్కలోంచి మాయమైపోతుంది. 53,500ను 377తో భాగిస్తే గంటకు 142 రూపాయలు. ఏడాదికి మీకున్న 20 రోజుల సెలవు పూర్తిగా దొరుకుతుందనుకుని ఆ గంటలు తీసేస్తే 150 దాకా వస్తుంది. సెలవు కాగితం మీద ఉండటం వేరు, దొరకడం వేరు. దొరికిన ఏడాది 150, దొరకని ఏడాది 142 అనుకోండి.

ఇక్కడ మీ బాబాయి గారు ఒక మాట అడుగుతారు. అడగాలి కూడా. ‘రాత్రి డ్యూటీ రూములో పడుకుంటావు కదా, అది కూడా పనేనా?’ అని. ఆసుపత్రి గేటు దాటి వెళ్లలేని సమయం ఏదైనా డ్యూటీయే అన్నది నా అభిప్రాయం. కంటి విభాగంలోనో చర్మవ్యాధుల విభాగంలోనో ఇంట్లో ఉండి ఫోన్ వస్తే వెళ్లే కాల్ డ్యూటీ ఉంటుంది, దాని సంగతి వేరు. మెడిసిన్‌లో అడ్మిషన్ డే రాత్రి పడుకోవడమంటే ఏప్రన్ తలకింద పెట్టుకుని కళ్లు మూయడం, అంతలో సిస్టర్ తలుపు కొట్టడం. అయినా సరే, రెండు రాత్రులూ కలిపి నాలుగు గంటలు నిద్ర కింద తీసేద్దాం. 83 గంటలు అవుతుంది, రేటు 149 అవుతుంది. తేడా ఏడు రూపాయలు. దాని కోసం ఇంట్లో గొడవ పెట్టుకోకండి. అలాగే మీ వైపు నుంచి కూడా ఒకటి వదులుకోవాలి. థీసిస్ రాసుకునే గంటలు, పరీక్షకు చదువుకునే గంటలు ఇందులో కలపకండి. అవి మీవి. సెమినార్, జర్నల్ క్లబ్ మాత్రం తప్పనిసరి హాజరు కాబట్టి కలుపుకోవచ్చు. అవి ఎలాగూ మీ పగటి గంటల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు బాబాయి గారి 257 దగ్గరికి వస్తాను. 26 రోజులు, ఎనిమిది గంటలు అంటే నెలకు 208 గంటలు, వారానికి సరిగ్గా 48. ఆయన బ్యాంకు అలవాటు కొద్దీ వేసిన లెక్క అది. కానీ 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెన్సీ స్కీమ్ గురించి రాసిన ఉత్తరంలో ఉన్నదీ ఆ అంకే. జూనియర్ రెసిడెంట్లు, అంటే మీలాంటి పీజీలు, మామూలుగా వారానికి 48 గంటలు పని చేయాలి, ఏకబిగిన 12 గంటలు దాటకూడదు అని అందులో రాశారు. ఆ వాక్యం అక్కడితో ఆగి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కారు. పని భారాన్ని బట్టి, ఉన్న డాక్టర్ల సంఖ్యను బట్టి గంటలను మెడికల్ సూపరింటెండెంట్ అటూ ఇటూ మార్చుకోవచ్చని కూడా చేర్చారు. ఆ ఒక్క వెసులుబాటులోంచే 48 కాస్తా 87 అయింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త పీజీ నిబంధనలు తెచ్చినప్పుడు అంకె కూడా పోయింది. ‘సమంజసమైన పని గంటలు’, విశ్రాంతికి సమంజసమైన సమయం అన్నారు. ఎంతైతే సమంజసమో చెప్పలేదు. తర్వాత 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఆ కమిషనే వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఇవి గంటలండోయ్, మీ 74 రూపాయలు కావు! సిఫారసు సిఫారసే, దాన్ని పట్టుకుని ఎవరి మీదా కేసు వేయలేం. కానీ హెచ్‌వోడీతో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండాల్సిన అంకె అది.

కాబట్టి బాబాయి గారు చెప్పినది కాగితం మీద రేటు, మీకు వస్తున్నది వార్డులో రేటు. మధ్యలో పోతున్న 115 రూపాయలు ఎవరూ మీ స్టైపెండ్‌లోంచి కోయలేదు. గంటలు పెంచితే చాలు, రేటు దానంతటదే తగ్గిపోతుంది.

నెల జీతంలా వచ్చే స్టైపెండ్‌తో అసలు చిక్కు ఇదే. 49వ గంటకు మీకు వచ్చేది సున్నా. 87వ గంటకూ సున్నాయే. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలు దాటి పని చేయించుకుంటే రెట్టింపు రేటు ఇవ్వాలి కాబట్టి, అదనపు గంట అడిగే ముందు మేనేజరు ఒకసారి ఆలోచిస్తాడు. మీకు ఆ చట్టం వర్తించదు. మీ అదనపు గంట ఆసుపత్రికి ఉచితం. ఉచితంగా దొరికేదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. రక్తం శాంపిల్ ల్యాబ్‌కు తీసుకెళ్లడానికి వార్డు బాయ్ లేకపోతే పీజీ వెళ్తాడు. సీటీ ఫిల్మ్ రాకపోతే పీజీ వెళ్తాడు. ఎన్టీఆర్ వైద్య సేవ ప్రీ ఆథరైజేషన్‌కు ఒక కాగితం తక్కువైతే దాన్ని వెతకడానికీ పీజీయే. ఎండీ సీటు కోసం రెండేళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టిన మనిషి రాత్రి మూడింటికి స్ట్రెచర్‌కు ఒక కొస పట్టుకుని స్కాన్ సెంటర్ దాకా నడుస్తుంటే, ఆ గంట ఖరీదు ఏ రిజిస్టర్లోనూ కనపడదు.

ఇంకో సంగతి చూడండి. జిల్లా రెసిడెన్సీ కింద మీ కో-పీజీ ఒకరు మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి వెళ్తారు. స్టైపెండ్ వాళ్లకూ వస్తుంది, మీకూ వస్తుంది. కానీ యూనిట్‌లో ఒక చెయ్యి తగ్గుతుంది. పదిహేను రోజులకో 20 గంటల నైట్ డ్యూటీ మీ మీద అదనంగా పడితే వారం సగటు 97 గంటల దగ్గరికి పోతుంది. అప్పుడు మీ రేటు 142 నుంచి 127కు దిగుతుంది. ఏ జీవో రాలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు, నెలాఖరున మెసేజ్‌లో అదే 53,500. ఆ మూడు నెలలూ మీరు పది శాతం కోతకు పని చేశారన్నమాట. తర్వాత మీరు జిల్లా ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీకు గంటలు తగ్గుతాయి, ఆ కోత మీ జూనియర్ మీద పడుతుంది.

దీన్ని తిరగేసి చూస్తేనే మీకు పనికొచ్చేది దొరుకుతుంది. 2022లో మన రాష్ట్రంలో జూనియర్ డాక్టర్లు సమ్మె దాకా వెళ్తే స్టైపెండ్ 15 శాతం పెరిగింది. ధర్నాలు, చర్చలు, ఫైలు సచివాలయం చుట్టూ తిరగడాలు అన్నీ అయితే వచ్చిన 15 శాతం అది. అదే 15 శాతం గంట రేటు మీకు ఇంకో దారిలో రావాలంటే 87 గంటలు 76 కావాలి. వారానికి పదకొండు గంటలు. స్టైపెండ్ పెంచడం మీ చేతిలో లేదు, మీ హెచ్‌వోడీ చేతిలోనూ లేదు. రోస్టర్ మాత్రం ఆయన టేబుల్ మీదే తయారవుతుంది.

మీ కాగితంలో నాకు కనపడిన మెత్తటి చోట్లు రెండు. మంగళ, శనివారాల మధ్యాహ్నాలు ఒకటి, ఆదివారం పొద్దున ఇంకొకటి. డ్యూటీ మర్నాడు మంగళవారం, శనివారం పన్నెండుకల్లా హ్యాండోవర్ ఇచ్చి బయట పడగలిగితే ఏడు గంటలు మిగులుతాయి. ఆదివారం రౌండ్స్ మీ కో-పీజీతో వారం విడిచి వారం పంచుకుంటే సగటున ఇంకో రెండు. వారం 78 గంటలకు వస్తుంది, గంట రేటు 158 అవుతుంది. నెలకు ఆరు వేల పైన స్టైపెండ్ పెరిగినంత తేడా. మీ క్లాస్‌మేట్‌కు మీకన్నా ఎక్కువ వస్తున్నదీ ఇంచుమించు అంతే కదా.

అలాగని ‘పన్నెండుకు వెళ్లిపోతాం సార్’ అని అడిగితే ఎవరూ పంపరు. పంపినా ఆ పని ఫస్టియర్ పీజీ నెత్తినో హౌస్ సర్జన్ నెత్తినో పడుతుంది. హౌస్ సర్జన్‌కు మీలో సగం కూడా రాదు. వాళ్ల మీదికి నెట్టి మన రేటు పెంచుకోవడం నాకు నచ్చదు. పనిని ఇంకొకరి మీదికి నెట్టకూడదు, అసలు ఆ పనే తగ్గించాలి. అది ఎక్కడ తగ్గుతుందో తెలియాలంటే నాలుగు వారాలు గంటలు రాసుకోవాలి.

నేను పీజీ చేసేటప్పుడు చిన్న పాకెట్ డైరీలో రాశాను. ఎందుకు మొదలుపెట్టానో కూడా చెప్తాను. అడ్మిషన్ డే మర్నాడు మధ్యాహ్నం, అప్పటికి ముప్పై గంటలు దాటి ఉంటుంది. పక్కపక్క మంచాల మీద ఒకే పేరున్న పేషెంట్లు ఇద్దరు. ఒకరికి రాయాల్సిన ఇన్సులిన్ ఇంకొకరి కేస్ షీట్‌లో రాశాను. మందులిచ్చే టైములో సిస్టర్ గారు షీట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, ‘సార్, ఈయనకు షుగర్ లేదు కదా’ అన్నారు. ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం నుంచి ఏ గంటలో ఏం చేస్తున్నానో రాయడం మొదలుపెట్టాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం, ఏ ఆసుపత్రిలోనైనా జరిగేదే.

నెల తిరిగాక డైరీ చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. పోస్ట్ డ్యూటీ రోజున ఎనిమిది తర్వాత నేనున్న తొమ్మిది గంటల్లో పేషెంట్ పక్కన ఉన్నది మూడున్నర గంటలే. దాదాపు రెండు గంటలు డిశ్చార్జి సమ్మరీలు రాయడానికి, మిగతాది రిపోర్టుల వెంట తిరగడానికి, పెద్ద డాక్టరు గారి రౌండ్ కోసం ఎదురుచూడటానికి పోయింది. ఆయన రౌండ్ పదకొండింటికి. ఆయన వచ్చేదాకా నేను కదలకూడదు. మా చీఫ్ దగ్గరికి డైరీ తీసుకెళ్లాను. రూపాయల మాట ఎత్తలేదు, ఇన్సులిన్ సంగతీ ఈ గంటల సంగతీ రెండే చెప్పాను. ఆయన రెండు మార్పులు చేశారు. డిశ్చార్జి సమ్మరీలు అడ్మిషన్ డేకు ముందు రోజే సగం రాసి పెట్టుకోవడం ఒకటి. అడ్మిషన్ డే మర్నాడు రౌండ్ తొమ్మిదింటికే, కొత్త పేషెంట్లతో మొదలుపెట్టడం రెండోది. ఒంటిగంటకు ఇంటికి పోయేవాళ్లం. ఎక్కువ మందిని వేయలేదు, ఖర్చు పెట్టలేదు. అన్ని యూనిట్లలోనూ ఇలా కుదురుతుందని మాత్రం అనను. అసలు మనుషులే లేని చోట ఏ రోస్టరూ గంటలను తగ్గించలేదు. మీ డైరీలో పోస్ట్ డ్యూటీ గంటలన్నీ నిజంగా పేషెంట్ పక్కనే గడిచినట్టు తేలితే, మీ యూనిట్‌కు కావాల్సింది ఇంకో పీజీయే. అప్పుడు ఆ మాటే రాసి ఇవ్వాలి.

సీటు వదలడం గురించి అడిగారు. మీ క్లాస్‌మేట్‌కు నెలకు 312 గంటలు, గంటకు 192 రూపాయలు. మీకన్నా గంటకు 50 ఎక్కువ, చూడ్డానికి పెద్ద తేడాయే. కానీ నెలకు చేతికి వచ్చే తేడా 6,500, ఏడాదిన్నరకు లక్షా పదిహేడు వేలు. సీటు మధ్యలో వదిలితే కట్టాల్సిన బాండు మొత్తం ఎంతో మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది, తీసి చూడండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే డబ్బు కోసం సీటు వదలడం లెక్కకు నిలవదని మీకే తెలుస్తుంది. నిజంగా ఆయనకు మిగులుతున్నది నెలకు 65 గంటలు. నిద్రకు, ఇంటికి. మీరు అలిసిపోయి అటు చూస్తున్నారు గానీ డబ్బు కోసం కాదని మీ ఉత్తరం చదివితే అనిపించింది. పొరపాటైతే క్షమించండి. పొరపాటు కాకపోతే, నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం, డ్యూటీకి వెళ్లాలంటే గుండె దడ లాంటివి రెండు వారాలు దాటి ఉంటే ఈ డైరీ సంగతి పక్కన పెట్టి ముందు సైకియాట్రీలో ఎవరినైనా కలవండి. మీ కాలేజీలో కలవడానికి మొహమాటమైతే బయట కలవండి.

డబ్బు విషయంలో ఒక చిన్న మాట. మీ స్టైపెండ్‌లోంచి టీడీఎస్ కోస్తున్నారేమో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. పది శాతం కోస్తే నెలకు 5,350. ఏడాదికి ఆరు లక్షల నలభై రెండు వేలు మాత్రమే ఆదాయమైతే 2023-24 నుంచే కొత్త పన్ను విధానంలో మీరు కట్టాల్సిన పన్ను ఏమీ లేదు. రిటర్న్ వేస్తే కోసినదంతా వెనక్కి వస్తుంది. ‘స్టైపెండే కదా, రిటర్న్ ఎందుకు’ అని వదిలేసేవాళ్లు గంటకు పద్నాలుగు రూపాయలు వదిలేసుకుంటున్నట్టే. ఈ పని మీ బాబాయి గారికి అప్పగించండి. బ్యాంకు మనిషి కాబట్టి సరదాగా చేసి పెడతారు.

డైరీ ఎలా రాయాలంటే, ఫోన్ నోట్స్‌లో రోజుకు నాలుగే సంగతులు. వార్డులో అడుగు పెట్టిన టైము, హ్యాండోవర్ ఇచ్చిన టైము, రాత్రి డ్యూటీ రూములో నిజంగా పడుకున్నది ఎంతసేపు, పోస్ట్ డ్యూటీ రోజున ఎనిమిది తర్వాత ఏ గంట దేనికి పోయింది. గుర్తు తెచ్చుకుని వారాంతంలో రాస్తే పనికిరాదు, మనం ఎప్పుడూ ఎక్కువే రాస్తాం. అప్పటికప్పుడు రాయండి. మీ కో-పీజీని కూడా రాయమనండి. ఇద్దరి డైరీల్లోనూ ఒకే గంట వృథాగా కనపడితే అది యూనిట్ సమస్య, ఒక్కరి దాంట్లోనే ఉంటే మీ పని తీరులో ఏదైనా ఉందేమో చూసుకోండి. మీ రోస్టర్ ఒకటో తేదీన వేస్తారని రాశారు. నాలుగు వారాల కాగితం ముందు నెల ఇరవై అయిదుకల్లా హెచ్‌వోడీ టేబుల్ మీదికి చేరాలి. ఒకటో తేదీ దాటాక ఇస్తే ఇంకో నెల ఆగాల్సిందే.